ఆడబిడ్డకు ఎన్ని ఎకరాలు?

మన తొర్రూరు వైపు ఒక తండ్రి పోయాడు, అప్పులూ బాకీ మెహర్ తీర్చాక 8 ఎకరాలు మిగిలాయనుకుందాం. ఆయన తల్లిదండ్రులు ముందే పోయారు, వసీయత్ లేదు. షరీఅత్ లెక్కలో భార్యకు 8వ వంతు, అంటే 1 ఎకరం. ఇద్దరు కొడుకులకు చెరి 2, ముగ్గురు బిడ్డలకు తలా 1.

పొలం తాతలదైనా లెక్క ఇదే. మనలో పుట్టుకతో హక్కు లేదు, మరణంతోనే వస్తుంది. అందుకే తండ్రి బతికుండగా చెల్లెలితో రాయించుకున్న 'వాటా వద్దు' కాగితం మామూలుగా చెల్లదు. పెళ్లి ఖర్చు కూడా వాటా కింద చెల్లు కాదు, ఎంత పెట్టినా సరే. మేం ఎక్కువగా విన్న జవాబు మాత్రం అదే.

విరాసత్‌లో అన్నల పేర్లే ఎక్కినా ఆమె హక్కు పోదు. కానీ వాళ్లు అమ్మేస్తే కోర్టుకు తిరగాల్సింది ఆమే. సంతకానికి ముందే ఆ కాగితం చదివించుకోమని మన బిడ్డలకు చెబుదాం.