ఫోటోలో పత్తికాయను చదువుడు: ఏరే ముందు ఏం చూడాలె

నేను ఇక్కడ బహ్రెయిన్‌ల కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ను. ఇంటికాడ వరంగల్ దిక్కు మూడెకరాల పత్తి ఉంది, మా ఆమె చూసుకుంటది. మనలో చాలామందిది ఇదే కథ. చేను అక్కడ, మనం ఇక్కడ, నడుమ వాట్సాప్ ఫోటో. ఆ ఫోటో చూసి మనం "ఏరిపియ్యి" అంటం, లేదా "ఆగు" అంటం. ఆ ఒక్క మాట మీద కూలీ పైసలు, పత్తి ధర రెండూ ఆధారపడి ఉంటయ్.

ముందు నా తప్పు చెప్తా. 2024ల మా ఆమె చేను గట్టు మీద నిలబడి ఒక ఫోటో పంపింది. ఫోటో నిండా తెలుపే. నేను డ్యూటీల ఉండి ఒక్క చూపు చూసి "మొత్తం ఏరిపియ్యి" అన్న. కూలీలకు కిలో లెక్కన ఇస్తం కదా, వాళ్లు సగం విచ్చిన కాయలు కూడా గుంజిండ్రు. పచ్చి పత్తి, మచ్చ పత్తి, మంచి పత్తి ఒకే బోరెంలకు పోయినయ్. కొనేటాయన బోరెంల చెయ్యి పెట్టి అడుగు నుంచి పిడికెడు తీసిండు. ఆ పిడికెడు చూసి మొత్తానికి ధర కోసిండు. ఆయన తప్పేం లేదు. ఫోటో చదవరాక నేను చేసిన నష్టం అది.

2025 అక్టోబర్ ఆఖరుకు మొంథా తుపాను వచ్చింది, వరంగల్ దిక్కు ఎంత వాన పడ్డదో మీకు తెలుసు. నవంబర్ మొదట్ల మళ్లీ అదే ప్రశ్న. ఈసారి నేను గట్టు మీది ఫోటో వద్దన్న. నాలుగు ఫోటోలు అడిగిన. ఒకటి, చెట్టు మొత్తం, మొదలు నుంచి కొస దాకా. రెండు, ఆకులు పక్కకు జరిపి చెట్టు కింది భాగం. మూడు, ఒక కాయ దగ్గర నుంచి, పక్కన వేలు పెట్టి, సైజు తెలిసేటట్టు. నాలుగు, ఒక పచ్చికాయను కత్తితో అడ్డంగా కోసి లోపలిది. పొద్దు వీపు వెనక ఉండాలె. మంచు ఆరినంక, అక్కడ తొమ్మిదిన్నరకు తియ్యాలె, అంటే మన దగ్గర ఏడు. తడి కాయ ఫోటోల నల్లగ మెరుస్తది, కుళ్లు అనుకొని మోసపోతం. వాట్సాప్‌ల మామూలుగా పంపితే మచ్చలు మసకబారుతయ్, అందుకే డాక్యుమెంట్ లెక్క పంపుమన్న.

ఇప్పుడు కాయ ముదిరిందా లేదా ఎట్ల తెలుస్తదో చెప్తా. పూత పూసిన తర్వాత కాయ పగలడానికి సుమారు 45 నుంచి 55 రోజులు పడ్తది, చలి ముదిరితే ఇంకా ఎక్కువే. లేత కాయ ముదురు పచ్చగ, నున్నగ మెరుస్తది. ముదిరిన కాయ రంగు వెలిసి మందంగ కనబడ్తది. అరల నడుమ అతుకు గీతలు తేటగ తేలుతయ్, చుట్టూ ఉండే ఆకు రెక్కలు ఎండుతయ్. అయితే రంగు ఒక్కటే చూసి నమ్మొద్దు, అందుకే కోసిన కాయ ఫోటో అడిగిన. లేత కాయ అయితే కత్తి నున్నగ దిగుతది, గింజ తెల్లగ, లోపల జిగురు లెక్క ఉంటది. ముదిరితే దూది పోగులు పోగులుగ సాగుతది, కత్తికి సరిగ తెగది. గింజ పొట్టు గోధుమ రంగుకు తిరుగుతది, లోపల మడిచిన పప్పు ఆకులు కనబడ్తయ్, జిగురు ఉండది.

చెట్టు మొత్తం ఫోటోతోటి ఇంకో లెక్క చేయొచ్చు. మన బిల్డింగుల ఫ్లోర్ మీద ఫ్లోర్ పోసినట్టే పత్తి చెట్టు. ఏ స్లాబ్ ఎప్పుడు పోసినమో తెలిస్తే షట్టరింగ్ ఎప్పుడు తీయాలో తెలుస్తది. పత్తిల ఒక కణుపు పైకి పోతే కాండం దగ్గరి కాయ సుమారు మూడు రోజులు చిన్నది. అదే కొమ్మ మీద బయటికి ఒక కాయ జరిగితే సుమారు ఆరు రోజులు చిన్నది. మా చెట్టుల ఎనిమిదో కణుపు దాకా కాయలు పూర్తిగ విచ్చినయ్. తొమ్మిదో కణుపు కాయకు అప్పుడే పగులు. పైన పనికొచ్చే ఆఖరి కాయ పదిహేనో కణుపు మీద. నడుమ ఆరు కణుపులు, అంటే 18 రోజులు, చలికాలం కాబట్టి మూడు వారాలు అనుకున్న. ఒక్కసారి మొత్తం ఏరితే పై సగం పచ్చిగ వస్తదని అక్కడనే తేలింది. అందుకే ఇప్పుడు కింది విచ్చినవే, పదిపన్నెండు రోజులకు నడిమివి, ఆ తర్వాత పైవి అని చెప్పిన.

ఇగ కాయకుళ్లు. ఇది వాన తర్వాత చెట్టు కింద, ఆకులు దట్టంగ ఉండి గాలి ఆడని తావుల మొదలైతది. గట్టు మీది ఫోటోల ఇది అస్సలు కనబడది. మొదట నీళ్లు నానినట్టు చిన్న గోధుమ మచ్చ, తొడిమ కాడనో, కొస కాడనో, అతుకు గీత మీదనో. తర్వాత అది పెరిగి నల్లబడ్తది. దాని మీద గులాబీ పొడో, నల్ల మసి లెక్క పొడో కనబడితే కాయ పోయినట్టే. అట్లాంటి కాయ విచ్చదు, విచ్చినా దూది పొంగదు, అర అరగా గట్టిగ అంటుకొని ఉంటది.

మోసపోయే తావులు మూడు ఉన్నయ్. ఒకటి, ఎండ పడే దిక్కు కాయ ఎర్రగ తిరుగుతది, అది కుళ్లు కాదు. నీడ దిక్కు పచ్చగనే ఉంటే అది ఎండ రంగే. రెండు, పేనుబంక తేనె మీద పట్టే నల్ల మసి. తడి వేలుతో రుద్దితే వేలుకు అంటుకొని పోతది, కుళ్లు మచ్చ పోదు. మూడోది ప్రమాదం. పైకి కాయ పచ్చగ మంచిగ ఉంటది, లోపల దూది పసుపు, గోధుమ రంగుల కుళ్లి ఉంటది. రసం పీల్చే పురుగులు పొడిచిన కాయలల్ల ఇట్ల అయితది. కోస్తే తప్ప తెలవది. ఒక అర మాత్రమే మచ్చపడి, కాయకు గుండ్రటి చిన్న బొక్క ఉంటే గులాబీ రంగు పురుగు బయటికి వచ్చిన గుర్తు.

మా రెండో ఫోటోల కింది ఐదు కాయలల్ల రెండిటికి నల్ల మచ్చ ఉండె. కానీ ఒక్క చెట్టు చూసి చేను లెక్క చెప్పలేం. మిట్ట, పల్లం, నడుమ, మూడు తావుల కొన్ని చెట్లు చూడుమన్న. పల్లంలనే కుళ్లు ఎక్కువ, మిట్టన చాలా తక్కువ అని తేలింది. దాంతో మిట్ట నుంచి ఏరుడు మొదలువెట్టినం. ఒక్కొక్కరికి రెండు సంచులు ఇచ్చినం, మచ్చ పత్తి వేరే సంచిల. మచ్చ పత్తికి కూడా అదే కూలీ ఇస్తమని ముందే చెప్పినం, లేకుంటే అన్నీ ఒక్కదాంట్లనే పడ్తయ్. కుళ్లిన కాయ మీద మందు కొట్టుమని ఒకాయన చెప్పిండట, నేను వద్దన్న. కుళ్లింది మందుకు తిరిగి రాదు.

ఫోటో చెప్పలేనిది ఒకటి ఉంది, తేమ. సీసీఐ దగ్గర 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర, ఆ పైన కోత, 12 దాటితే కొనరు. 2025–26ల పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 రూపాయలు. అందుకే ఏరిన పత్తి పరదా మీద పల్చగ ఆరబోసి, గింజ పంటితో కొరికి చూడుమన్న. టక్కున పగిలితే ఆరినట్టు, మెత్తగ నలిగితే ఇంకో ఎండ కావాలె.

రేపు ఇంటి నుంచి తెల్లటి ఫోటో వస్తే వెంటనే "ఏరు" అని పెట్టకుండ్రి. ముందు చెట్టు కింది ఫోటో, కోసిన కాయ ఫోటో అడుగుండ్రి.