పొద్దున్నే మడమ పోటు: సూది కంటే ముందు చేయాల్సినవి

(సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్ళల్లో తిరుగుతుంటే మాకు తరచూ వినబడే మాట ఒకటుంది. "పొద్దున మంచం దిగి కాలు మోపితే మడమలో మేకు దిగినట్టుంటుంది. నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. పని ముగించుకొని కాసేపు కూర్చొని లేస్తే మళ్ళీ పోటు." ఇవే లక్షణాలయితే అది చాలామటుకు డాక్టర్లు ప్లాంటార్ ఫాసియైటిస్ అనే మడమ నొప్పి.

మడమ ఎముక అడుగు నుంచి వేళ్ళ మొదలు దాకా అరికాల్లో ఒక గట్టి పట్టీ ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ అది సాగి పాదం వంపును నిలబెడుతుంది. గట్టి నేల మీద గంటల తరబడి నిలబడితే, బరువులు మోస్తే, పిక్కలు బిగుసుకుపోతే అది మడమకు అతుక్కునే చోట దెబ్బతింటుంది. రాత్రి పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి ఉంటుంది కనుక పట్టీ ముడుచుకుంటుంది. పొద్దున మొదటి అడుగుతో ఒక్కసారిగా లాగబడుతుంది. అందుకే ఆ పోటు. మడమ అడుగున లోపలి వైపు, కాస్త ముందుకు బొటనవేలితో నొక్కి చూడండి. అక్కడే నొప్పి పుడితే అనుమానం బలపడుతుంది.

మాకు తెలిసిన ఒక అక్క మిరప కోతలకు వెళ్తుంది, వయసు 46. పాత మట్టి ఇంటి నుంచి గచ్చు ఇంట్లోకి మారింది. ఇంట్లో వట్టి కాళ్ళు, బయట అరిగిపోయిన హవాయి చెప్పులు. కుడి మడమ మొదలయ్యాక ఊళ్ళో సూదులు వేయించుకుంది, రోజూ నొప్పి బిళ్ళలు మింగింది. ఎక్స్‌రే తీయించి "ఎముక పెరిగింది, ఆపరేషన్ కావాలి" అన్నారు. అక్క భయపడి మా దగ్గరికొచ్చింది. నొప్పే లేని చాలామంది మడమల్లోనూ ఆ ఎముక ముల్లు కనబడుతుంది. ముల్లు కనబడినంత మాత్రాన ఆపరేషన్ అక్కర్లేదు.

ఆమె చేసింది ఇది. పొద్దున మంచం దిగకముందే నొప్పి కాలును రెండో మోకాలి మీద వేసుకొని, చేత్తో కాలివేళ్ళను ముంగాలి వైపు వెనక్కి వంచేది. అరికాల్లో పట్టీ తీగలా బిగుసుకోవాలి. 10 లెక్కపెట్టే దాకా పట్టి వదలడం, అలా 10 సార్లు. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి. రెండోది పిక్కలకు: గోడకు చేతులానించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకంటించి, మోకాలు వంచకుండా ముందుకు వాలి అర నిమిషం, మూడుసార్లు. సాయంత్రం ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, కూర్చొని అరికాలి కింద పది నిమిషాలు దొర్లించేది. షుగరుండి కాళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళు ఈ ఐసు జోలికి పోవద్దు.

చెప్పుల దగ్గరే గొడవ వచ్చింది. "ఇంట్లో చెప్పులేంటి?" అంది అత్త. మెత్తటి మడమ, కాస్త ఎత్తు ఉన్న జత ఒకటి ఇంటికే విడిగా పెట్టుకుంది. బయటికి వేసుకెళ్ళదు. మంచం దిగగానే కాలు అందులోకే. బస్తాలు మోయడం కొన్నాళ్ళు తప్పించుకుంది. కోతలో గంటకోసారి కాసేపు కూర్చుంది.

రెండు వారాలకు ఏమీ మారలేదని మానేయబోయింది. ఇక్కడే చాలామంది ఆపేస్తారు. ఆమె కొనసాగించింది. రెండో నెలకు పొద్దుటి పోటు సగమైంది, ఆరో నెలకు పోయింది. ఎక్కువమందికి నెలల మీదే, ఏడాదిలోపు తగ్గుతుంది.

నొప్పి బిళ్ళలు రోజుల తరబడి సొంతంగా వాడితే కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీ దెబ్బతినొచ్చు. బీపీ, షుగరు ఉన్నవాళ్ళకు ముప్పు మరీ ఎక్కువ. మడమలో వేసే స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు ఉపశమనమిస్తుంది. మళ్ళీ మళ్ళీ వేస్తే పట్టీ తెగొచ్చు, మడమ కింది కొవ్వు మెత్త కరిగిపోవచ్చు. దాని మీద నిర్ణయం ఎముకల డాక్టరుదే కావాలి.

అన్ని మడమ నొప్పులూ ఇదే కాదు. చెట్టు మీంచి, బండి మీంచి పడ్డాక మడమ మీద బరువు మోపలేకపోతే అది విరిగి ఉండొచ్చు. వాపు, ఎరుపు, జ్వరం ఉన్నా, తిమ్మిరి, మంట ఉన్నా, పడుకున్నా నొప్పి ఆగకపోయినా ఆసుపత్రికి వెళ్ళాలి. కుర్రవాళ్ళకు రెండు మడమలతో పాటు పొద్దున నడుం అరగంటకు మించి బిగుసుకుపోతే అది కీళ్ళ జబ్బు కావచ్చు. షుగరున్నవాళ్ళ పాదానికి పుండు పడితే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ఇవేవీ లేకుండా ఇంటి వైద్యం మూడు నెలలు సరిగ్గా చేసినా తగ్గకపోతే అప్పుడూ డాక్టరుకు చూపించండి. సూదికీ స్కానింగుకూ అప్పు చేసే ముందు రేపు పొద్దున మంచం మీదే వేళ్ళు వెనక్కి వంచి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.