రోజు కూలి నుంచి ఏడాది ఒప్పందానికి

మన బడిలో చదివి, ఐటీఐ చేసి ఎలక్ట్రీషియన్లుగా స్థిరపడిన వారి కోసం ఒక్క దారి గురించే చెబుతాను. అది అపార్ట్‌మెంట్ల వార్షిక నిర్వహణ ఒప్పందం.

ఒక లెక్క వేద్దాం. రోజుకు 900 రూపాయల కూలి అనుకుంటే, నెలలో 22 రోజులు పని దొరికినా 19,800 వస్తాయి. 10 అపార్ట్‌మెంట్లు నెలకు 2,000 చొప్పున ఒప్పుకుంటే 20,000. ఒక్కోచోట నెలకు ఒక పూట తనిఖీ అంటే ఐదు రోజులు. మధ్యలో వచ్చే పిలుపులకు మరో ఐదు పోయినా, మిగతా రోజుల్లో కొత్త వైరింగు పనులు చేసుకోవచ్చు.

తనిఖీ అంటే చూసి రావడం కాదు. మెయిన్ ఆపి ప్యానెల్‌లో స్క్రూలు బిగించాలి. మీటరు సీలు మాత్రం ముట్టకూడదు, అది డిస్కం పని. న్యూట్రల్ వదులైతే ముందు వైరు తొడుగు రంగు మారుతుంది, కాలిన వాసన వస్తుంది. అది పూర్తిగా ఊడితే ఫ్లాట్లలో టీవీలు కాలిపోతాయి. నీళ్ల మోటారు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటోందో నెలనెలా పుస్తకంలో రాయాలి. వోల్టేజి మారకుండా ఆ అంకె పెరుగుతుంటే మోటారు విప్పి చూడాల్సిందే.

ఒప్పందం మొత్తంలో సామాను ఖర్చు కలపకండి. ఒక్క మోటారు రీవైండింగు కొన్ని నెలల రాబడిని మింగేస్తుంది. సామానుకు బిల్లు వేరు, ఫ్లాటు లోపలి పనికి కూలి వేరు అని ముందే రాసుకోండి. ఒకే రాత్రి రెండుచోట్ల నుంచి ఫోన్లు రావడం మొదలైతే, పదకొండో అపార్ట్‌మెంటు కన్నా ముందు ఒక సహాయకుణ్ణి పెట్టుకోండి.