పాత బండి తుక్కుకి ఇచ్చేశారు సరే, రికార్డులో ఓనర్ ఇంకా మీరేనా?

చాలామంది ఇళ్లల్లో కాంపౌండ్ గోడ పక్కన ఒక పాత బండి పడి ఉంటుంది. టైర్లలో గాలి ఉండదు, సీటు మీద పిల్లి పడుకుంటుంది. దాన్ని ఎలా వదిలించుకోవాలి, వదిలించుకున్నాక ఏ తలనొప్పీ వెనక్కి రాకుండా ఎలా చూసుకోవాలి అన్నదే ఈ ఎపిసోడ్.

మా బాబాయి కేసే తీసుకుందాం. ఆయనది తెనాలి. 2008లో కొన్న బైక్. ఆర్‌సీ గడువు 15 ఏళ్లు కాబట్టి 2023లో అయిపోయింది, రెన్యువల్ చేయించలేదు. పాత సామాన్ల షాపు అతను వచ్చి ఏడు వేలు ఇస్తానన్నాడట. "ఆర్‌సీ ఇచ్చేయండి, ఈ ఫారాల మీద సంతకం పెట్టండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడట. బాబాయి ఫోన్ చేసి, "ఎలాగూ ఆర్‌సీ టైమ్ అయిపోయింది కదరా, ఇక నాకేం సంబంధం? ఇచ్చేస్తున్నా" అన్నారు. "ఆగు బాబాయ్, ఇవ్వొద్దు" అన్నాను.

ఎందుకంటే, ఆర్‌సీ గడువు తీరడం వేరు, రిజిస్ట్రేషన్ రద్దవడం వేరు. గడువు తీరితే ఆ బండిని రోడ్డు మీద నడపకూడదు, అంతే. రికార్డులో ఓనర్ పేరు అలాగే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓనర్ అంటే ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉందో వాళ్లే. బండి ఎవరి చేతిలో ఉంది, ఎవరికి డబ్బులు ముట్టాయి అన్నది తర్వాతి మాట.

దీని మీద 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది. ఒకాయన 2007లో తన కారు అమ్మేశాడు. ఆ కారు ఒకరి నుంచి ఇంకొకరికి చేతులు మారుతూ పోయింది. ఎవరూ పేరు మార్పించుకోలేదు. 2009లో ఆ కారు గుద్ది ఒకరు చనిపోయారు. నష్టపరిహారం ఎవరు కట్టాలి? రికార్డులో ఇంకా పేరున్న ఆ మొదటి ఆయనే కట్టాలని కోర్టు చెప్పింది. బండికి ఇన్సూరెన్స్ కూడా లేకపోతే ఆ డబ్బు సొంత జేబులోంచే పోతుంది.

"నాది తుక్కు కదా, ముక్కలైపోతుంది కదా" అనుకోవచ్చు. ముక్కలైతే మంచిదే. కానీ కొన్ని చోట్ల ముక్కలవ్వదు. చిన్న రిపేరు చేసి వేరే ఊళ్లో తిప్పుతారు. లేదంటే బండిని విడదీసి, మీ నంబర్ ప్లేటు, మీ ఆర్‌సీ తీసుకెళ్లి అదే మోడల్ దొంగబండికి తగిలిస్తారు. అప్పుడు చలాన్లు మీ ఫోన్‌కి వస్తాయి. ఆ బండితో నేరం జరిగితే పోలీసులు ముందు మీ ఇంటికే వస్తారు. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇవ్వడం మరీ ప్రమాదం. కొన్నవాళ్ల పేరు, తేదీ ఏమీ లేని ఆ కాగితం మీకు ఏ సాక్ష్యమూ కాదు.

సరే, మరి దారేంటి? 2021 సెప్టెంబర్‌లో కేంద్రం వాహనాల స్క్రాపింగ్ రూల్స్ తెచ్చింది. వాటి ప్రకారం ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్న స్క్రాపింగ్ కేంద్రాలు వచ్చాయి. వీటినే ఆర్‌వీఎస్ఎఫ్ అంటారు. vscrap.parivahan.gov.in లో వీటి వివరాలు ఉంటాయి, అప్లికేషన్ కూడా ఆన్‌లైన్‌లోనే. బండి ఏ రాష్ట్రంలో రిజిస్టర్ అయినా వేరే రాష్ట్రంలోని కేంద్రంలో ఇవ్వొచ్చు. హైదరాబాద్‌లో ఉంటూ ఏపీ బండి పెట్టుకున్నవాళ్లకి ఇది పనికొచ్చే విషయం.

కాగితాల సంగతికొస్తే ఒరిజినల్ ఆర్‌సీ, ఆధార్, పాన్, డబ్బులు పడటానికి క్యాన్సిల్డ్ చెక్కు లేదా పాస్‌బుక్ కాపీ దగ్గర పెట్టుకోండి. ఆర్‌సీ పోతే ముందు పోలీసు ఫిర్యాదు ఇచ్చి డూప్లికేట్ తీసుకోవాలి. ఓనర్ చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం కావాలి. మీ తాతగారి స్కూటర్ మీద మీరు సంతకం పెడితే చెల్లదు.

బాబాయి కేసు ఆగింది మాత్రం ఇక్కడ కాదు. 2011లోనే లోన్ తీర్చేశారు, కానీ ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంది. మనవాళ్లలో సగం మంది చివరి ఈఎంఐ కట్టి, తాళం చెవి జేబులో వేసుకుని అది మర్చిపోతారు. స్క్రాపింగ్ కేంద్రం బండి తీసుకునే ముందు వాహన్ రికార్డు చూస్తుంది. లోన్ పేరు ఉన్నా, కట్టని బకాయిలు ఉన్నా, బ్లాక్‌లిస్ట్‌లో ఉన్నా, దొంగబండ్ల జాబితాలో కనిపించినా ముందుకు కదలదు. ఆయన ఫైనాన్స్ కంపెనీ నుంచి ఎన్‌ఓసీ తెప్పించుకుని, ఫారం 35 తో ఆర్‌టీఓ ఆఫీసులో ఆ పేరు తీయించుకోవాల్సి వచ్చింది. పాత చలాన్లు రెండుంటే అవీ కట్టేశారు. అందుకే బండి ఎక్కించే ముందే mParivahan లో మీ నంబర్ కొట్టి ఇవన్నీ చూసుకోండి. లేకపోతే ట్రాలీ ఆటో కిరాయి రెండుసార్లు పడుతుంది.

ఇక బండి ఇచ్చే రోజు. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్, నంబర్ ప్లేటు కనిపించేలా ఆ యార్డులోనే ఫోటోలు తీసుకోండి. ఇచ్చే ముందు బాధ్యత ఎవరిది, ఇచ్చాక ఎవరిది అని ఓనరూ కేంద్రమూ ఒక అండర్‌టేకింగ్ రాసుకోవాలని రూల్. దాని మీద తేదీతో పాటు టైమ్ కూడా రాయించుకోండి. అదే రోజు సాయంత్రం టైమ్‌తో ఒక చలాన్ వస్తే, మీ చేతిలో ఉండే సమాధానం అదొక్కటే.

తర్వాత మీకు రెండు సర్టిఫికెట్లు వస్తాయి, వీటిని కలిపేసుకోవద్దు. మొదటిది సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్. అంటే బండి మేం తీసుకున్నాం అని. కొత్త బండి కొనేటప్పుడు రాష్ట్రం ఇచ్చే పన్ను రాయితీకి చూపించేది ఇదే. రెండోది సర్టిఫికెట్ ఆఫ్ వెహికల్ స్క్రాపింగ్. అంటే బండిని నిజంగా తుక్కు చేశాం అని. చాలామంది మొదటిది చేతికి రాగానే పని అయిపోయిందనుకుంటారు. రెండోది వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. ఆ సర్టిఫికెట్ తేదీ నుంచి ఆరు నెలల దాకా ఛాసిస్ నంబర్ ఉన్న ముక్కను కేంద్రం దాచి ఉంచాలి, కాబట్టి ఏదైనా తేడా వస్తే ఆ లోపే అడగడం మంచిది.

అది వచ్చాక మళ్లీ mParivahan లో నంబర్ కొట్టి చూడండి. ఇంకా ACTIVE అని కనిపిస్తుంటే, రెండు సర్టిఫికెట్ల కాపీలతో ఆర్‌టీఓకి ఒక లెటర్ ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. బండి పూర్తిగా పాడైపోతే ఓనర్ 14 రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా రిజిస్టరింగ్ అథారిటీకి చెప్పాలని చట్టంలో సెక్షన్ 55 అంటుంది. ఆ సెక్షన్ నంబర్ లెటర్‌లో రాయండి.

డబ్బుల మాట అడుగుతారు కదా. బాబాయికి కేంద్రంలో వచ్చింది నాలుగు వేల చిల్లర. షాపు అతను చెప్పిన దానికంటే తక్కువే, కిరాయి పోతే ఇంకా తక్కువ. ఆయన రెండు రోజులు గొణిగారు. నా లెక్కలో ఆ తేడా రికార్డు క్లియర్ చేయించుకున్న ఖర్చు.

ఇప్పటికే బయట ఇచ్చేసినవాళ్లు కూడా కామెంట్స్‌లో చాలామంది ఉన్నారు. మీరు ముందు ఆ షాపు అతన్ని పట్టుకుని, కొన్నట్టు తేదీతో రసీదు రాయించుకోండి. ఛాసిస్ ముక్క దొరికితే తెచ్చుకోండి. వాటితో సెక్షన్ 55 కింద ఆర్‌టీఓకి రాయండి. బండి ఇంకా తిరుగుతోందని చలాన్ల వల్ల తెలిస్తే, ఆ చలాన్ ఫోటోలో బండి రంగు, మోడల్ మీ బండితో సరిపోతున్నాయో లేదో చూసి, పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. చలాన్ కట్టేసి ఊరుకోవద్దు, అది మీ బండే అని ఒప్పుకున్నట్టు అవుతుంది.

కార్ ఉన్నవాళ్లకి ఇంకో రెండు ముక్కలు. ఫాస్టాగ్ అద్దం మీద నుంచి పీకేయడమే కాదు, ఇచ్చిన బ్యాంకులో క్లోజ్ చేయించండి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి నో క్లెయిమ్ బోనస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. మూడేళ్లలోపు కొత్త బండి కొంటే ఆ డిస్కౌంట్ దానికి వాడుకోవచ్చు.