తాళంలో విరిగిన చెవి

(సిబ్బంది కుటుంబాల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

పోయినసారి ఇదే వేదిక మీద గ్యాస్ రెగ్యులేటర్ గురించి మాట్లాడారు. ఈసారి ఇంటి తాళం గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నాకు అప్పజెప్పారు. తాళాలతో నా పరిచయం రెండు రకాలది. ఒకటి, లాకర్ల విభాగంలో నాలుగేళ్ళు చేసిన ఉద్యోగం. రెండోది, క్వార్టర్స్‌లో ఎవరి తలుపు ఇరుక్కున్నా స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్ళే అలవాటు. మా ఆవిడ ఈ రెండోదాన్ని ఉద్యోగమనే అంటుంది, జీతం లేదు గానీ.

ముందు ఒక మాట సరిచూసుకుందాం. మనం తాళంచెవినీ తాళమే అంటాం, తాళంకప్పనీ తాళమే అంటాం. తాళాలు బాగుచేసే అతనికి ఫోన్ చేసి "తాళం విరిగిందండీ" అంటే, అతను కప్ప విరిగిందనుకుని డ్రిల్లు మిషను, కొత్త తాళం తెస్తాడు. "చెవి విరిగి ముక్క లోపల ఉంది, తాళం బాగానే ఉంది" అని చెప్పండి. అప్పుడు అతను తెచ్చే సామానే వేరుగా ఉంటుంది.

మన ఫ్లాట్ల ముఖద్వారాలకు ఎక్కువగా ఉండేది సిలిండర్ తాళం. చెవి పెట్టి తిప్పినప్పుడు చెవితో పాటు తిరిగే గుండ్రటి ఇత్తడి భాగాన్ని ప్లగ్ అంటారు. దాన్ని పట్టుకుని ఉండే బయటి గుల్ల మాత్రం తిరగదు. ఈ రెండింటి మధ్య అడ్డంగా వరసగా ఐదో ఆరో చిన్న పిన్నులు ఉంటాయి. ప్రతి పిన్నూ రెండు ముక్కలుగా ఉంటుంది, వెనక ఒక సన్న స్ప్రింగ్ ఉంటుంది. సరైన చెవి పెడితే, దాని పళ్ళ ఎత్తుపల్లాల వల్ల పిన్నుల అతుకులన్నీ ప్లగ్ అంచుకు సరిగ్గా వచ్చి నిలుస్తాయి. అప్పుడే ప్లగ్ తిరుగుతుంది.

ఒకసారి ప్లగ్ తిరిగాక పిన్నుల లోపలి ముక్కలు ప్లగ్‌లోనే ఉండిపోతాయి. వాటికి పైకి లేచే దారి ఉండదు, ఎందుకంటే వాటి గూళ్ళు ఇప్పుడు గుల్ల గోడకు ఎదురుగా ఉన్నాయి. అందుకే తిప్పిన చెవిని సగంలో బయటికి లాగలేం. మళ్ళీ మొదటి స్థానానికి తెస్తేనే వస్తుంది. ఇది మీరు రోజూ చేస్తున్నదే. విరిగిన ముక్కకూ ఇదే సూత్రం. ప్లగ్ మొదటి స్థానంలో లేకపోతే ఏ పరికరం పెట్టి లాగినా ముక్క రాదు. బలంగా లాగితే పరికరం కూడా లోపలే విరుగుతుంది. చెవి విరిగిందని ఫోన్ వచ్చినప్పుడల్లా నేను అడిగే మొదటి ప్రశ్న, "రంధ్రం నిలువుగా ఉందా, పక్కకు తిరిగి ఉందా?" అనే.

విశాఖలో ఉన్నప్పుడు జరిగిన ఒక సంగతి చెబుతాను. వానాకాలం, సాయంత్రం ఏడు దాటింది. ఎదురింటి సహోద్యోగి భార్య పిల్లవాణ్ణి ట్యూషన్ నుంచి తీసుకొచ్చి తలుపు తీస్తుంటే చెవి విరిగింది. "అన్నయ్యగారూ, సగం నా చేతిలో ఉంది, సగం తాళంలో ఉంది. అత్తయ్య లోపల ఉన్నారు" అని వచ్చింది. ఆ పెద్దావిడకు మోకాలి ఆపరేషన్ అయి పది రోజులే. వాకర్ పట్టుకుని ముందు తలుపు దాకా రాలేరు.

నేను ముందు వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళి ఆవిడను పలకరించాను. స్టవ్ ఆపి ఉందా, ఒంట్లో ఎలా ఉంది, మందుల వేళ ఎప్పుడు అని అడిగాను. స్టవ్ ఆపి ఉంది, మందులకు గంట టైముంది. కాబట్టి పావుగంట ప్రయత్నించవచ్చనుకున్నాను. స్టవ్ వెలుగుతూ ఉన్నా, లోపల ఉన్నది పసిబిడ్డ అయినా, పెద్దావిడ నుంచి జవాబు రాకపోయినా ముక్క సంగతే వదిలేసి 101కో 112కో ఫోన్ చేసేవాణ్ణి. అలాంటప్పుడు తలుపు పోయినా ఫరవాలేదు, రేపు వడ్రంగి వస్తాడు.

ఈలోగా మెట్ల మీద చేరిన వాళ్ళు సలహాలు మొదలుపెట్టారు. ఒకబ్బాయి సూపర్ గ్లూ తెచ్చాడు. అగ్గిపుల్ల కొసకు జిగురు రాసి ముక్కకు అంటించి లాగుదామన్నాడు. దయచేసి ఈ పని ఎవరూ చేయకండి. ఆ జిగురు నీళ్ళలా పారుతుంది. ముక్క కంటే ముందు పిన్నులకు అంటుకుంటుంది. అలా అంటుకుంటే తాళాలతను వచ్చినా చేసేదేమీ ఉండదు, సిలిండరే మార్చాలి. ఇంకొకాయన అయస్కాంతం అన్నారు. చాలా తాళంచెవులు ఇత్తడివి, పైన పల్చటి తెల్ల పూత ఉంటుంది అంతే. ఇత్తడిని అయస్కాంతం లాగదు. ఇనుప చెవి అయినా పిన్నుల పట్టును దాటి లాగేంత బలం చిన్న అయస్కాంతానికి ఉండదు.

టార్చి వేసి చూస్తే ముక్క రంధ్రం అంచుకు సమానంగా ఉంది, కానీ రంధ్రం నిలువుగా లేదు. గడియారంలో పన్నెండు దగ్గర ఉండాల్సింది రెండు దగ్గర ఉంది. వాళ్ళ స్పేర్ చెవి అదృష్టవశాత్తూ మా ఇంట్లోనే ఉంది. విరిగిన తలకాయను దాని పక్కన పెట్టి చూశాను. లోపల ఎంత ముక్క ఉందో, దాని పళ్ళు ఏ వైపున్నాయో అప్పుడు స్పష్టంగా తెలిసింది. విరిగిన తలకాయను పారేయకూడదనడానికి ఇదొక కారణం.

ముక్క పూర్తిగా లోపల, తన చోటులోనే ఉంటే పిన్నులన్నీ సరిగ్గానే నిలిచి ఉంటాయి. అంటే ప్లగ్ తిరుగుతుంది, తిప్పడానికి మనకు పిడి లేదు అంతే. సన్నటి చదును మూతి స్క్రూడ్రైవర్‌ను రంధ్రం అంచుల్లో మాత్రమే ఆనించి, ముక్కను లోపలికి నెట్టకుండా, మెల్లగా వెనక్కి తిప్పాను. పన్నెండు దగ్గరికి వచ్చింది. అది కదలకపోతే నేను అక్కడితో ఆపి తాళాలతన్ని పిలిచేవాణ్ణి.

తర్వాత పెన్సిల్ ముల్లు గీకిన పొడి చిటికెడు కాగితం మడతలో పోసి రంధ్రంలోకి ఊదాను. పొడి లేకపోతే కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. కొబ్బరి నూనె, వంట నూనె వద్దు. అవి కొన్నాళ్ళకు జిడ్డు కట్టి దుమ్ము పట్టి పిన్నులను బిగించేస్తాయి.

ఇక అసలు పరికరం ఇదిగో, నా చేతిలో ఉంది. ప్లైవుడ్ బొమ్మలు కోసే సన్న రంపపు బ్లేడు. హార్డ్‌వేర్ షాపులో ఫ్రెట్ సా బ్లేడు అని అడగండి, చవకే. ఇనుము కోసే హ్యాక్సా బ్లేడు దీనికి పనికిరాదు, వెడల్పు ఎక్కువ. బ్లేడు పళ్ళు మనవైపు చూస్తూ ఉండాలి. చెవి పళ్ళు ఏ వైపుంటే ఆ వైపు నుంచి బ్లేడును ముక్క పక్కనే లోపలికి జారనివ్వాలి. తర్వాత వెంట్రుకవాసి మెలితిప్పితే బ్లేడు పళ్ళు ముక్కను పట్టుకుంటాయి. అలాగే పట్టి నేరుగా మనవైపు లాగాలి. ఒక్కసారికి రాదు. ఒక పిన్ను దాటినప్పుడల్లా చిన్న 'టిక్' తెలుస్తుంది. ఆ రోజు నాలుగోసారికి ముక్క రెండు మిల్లీమీటర్లు బయటికి కనబడింది, నోస్ ప్లయర్‌తో పట్టి లాగేశాను. కనబడకముందే ప్లయర్, పట్టకారు పెట్టకూడదు. వాటి మూతులు లావు, పట్టుకోవాల్సిన ముక్కను లోపలికి తోస్తాయి. బ్లేడు పెళుసు కాబట్టి కళ్ళద్దాలు పెట్టుకోండి.

స్పేర్ చెవి వెంటనే పెట్టనివ్వలేదు. తలుపును లోపలివైపు ఒకరిని భుజంతో నెట్టమని, అప్పుడు తిప్పాను. తెరుచుకుంది.

నిజానికి ఆ చెవి ఎందుకు విరిగిందో మర్నాడు చూశాం. తలుపు బార్లా తీసి ఉంచి చెవి తిప్పితే హాయిగా తిరిగింది. తలుపు మూసి తిప్పితే బిగిసింది. అంటే తాళంలో లోపం లేదు. వానకు చెక్క ఉబ్బి, పై బందు స్క్రూలు వదులై తలుపు కిందికి వాలింది. గడియ నాలుక ఫ్రేములోని రేకుకు రాసుకుంటోంది. ఆ ఒత్తిడంతా రోజూ ఇత్తడి చెవి మీద పడుతోంది. ఆ చెవి విరిగింది కూడా పళ్ళలో అన్నిటికంటే లోతైన గాటు దగ్గర, లోహం తక్కువున్న చోట. వడ్రంగి స్క్రూలు బిగించి, రేకు రంధ్రాన్ని కిందికి కాస్త ఆకురాయితో అరగదీశాడు. అది చేయకపోతే కొత్త చెవీ విరిగేదే. మీ ఇంటి చెవి మెడ దగ్గర వంపు గానీ, గాటు దగ్గర సన్నటి గీత గానీ కనబడితే ఈ పరీక్ష ఇవాళే చేసి చూడండి.

ఎప్పుడు మనం చేయి పెట్టకూడదు? బ్లేడుతో పావుగంటలో కదలకపోతే, ముక్క ఇంకా లోపలికి పోతే, బ్లేడే విరిగితే ఆపేయండి. పళ్ళు లేకుండా చదును ముఖం మీద చిన్న గుంటలుండే చెవులుంటాయి, షాపుల్లో కంప్యూటర్ కీ అంటారు. వాటికి పక్క పళ్ళు లేవు కాబట్టి బ్లేడు పట్టదు. కారు ఇగ్నిషన్‌లో విరిగితే మెకానిక్‌కు వదిలేయండి, తలకాయ మాత్రం జాగ్రత్త చేయండి, చాలా కార్లకు అందులోనే చిప్ ఉంటుంది. బీరువా తాళం లోపలి ఏర్పాటు వేరు, దానికీ పనివాణ్ణే పిలవాలి. గేటుకు వేసిన మామూలు తాళంకప్ప అయితే కోసి పారేసి కొత్తది కొనడమే తక్కువ ఖర్చు.

తాళాలతను వచ్చేముందే ముక్క తీయడానికి ఎంత, సిలిండర్ మార్చాల్సి వస్తే ఎంత అని విడివిడిగా అడగండి. రాగానే డ్రిల్లు తీస్తే, ముందు ముక్క లాగి చూడమనండి. ఈ ఇల్లు మీదేనా అని అతను ఆధారం అడిగితే చిన్నబుచ్చుకోకండి, అలా అడిగేవాడే మంచి పనివాడు. రెండు ముక్కలూ ఉంటే వాటిని కలిపి చూసి కొత్త చెవి చేయగలడు. మీ కళ్ళ ముందే చేయించుకోండి, "సాయంత్రం వచ్చి తీసుకోండి" అంటే చెవి వదిలి రావద్దు.

చివరగా బ్యాంకు లాకర్. మన ఇళ్ళలోనే "నువ్వు బ్యాంకులోనే కదా, ఒకసారి చూడు" అంటారు. లాకర్ చెవి విరిగితే బయటి పనివాణ్ణి తేవడానికి గానీ, మనం ఏదైనా పెట్టి తిప్పడానికి గానీ వీల్లేదు. శాఖకు రాతపూర్వకంగా తెలపాలి. హైరర్‌ను గుర్తించి, రికార్డు రాసి, బ్యాంకు అధీకృత టెక్నీషియన్ చేతే తెరిపిస్తారు. తెరవడానికి, తాళం మార్చడానికి అయ్యే ఖర్చు హైరర్ నుంచి వసూలు చేయవచ్చు. చెవి మీద బ్యాంకు, శాఖ గుర్తింపు కోడ్ చెక్కి ఉంటుంది కాబట్టి విరిగిన ముక్కలు కూడా శాఖకు అప్పగించాలి. మీ అత్తగారి లాకరైనా పద్ధతి ఇదే.

బ్లేడు, ఒక పాత సిలిండర్, విరిచిన చెవి ముక్క ఆ బల్ల మీద పెట్టాను. టీ విరామంలో ఎవరైనా వచ్చి లాగి చూడవచ్చు. పిల్లలు మాత్రం పెద్దలతో రండి, బ్లేడు పదునుగా ఉంది.