నికానామాను ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు



వివాహానంతరం భర్త వద్దకు విదేశం వెళ్లవలసిన మన ఆడబిడ్డల కాగితాలలో ఎక్కువ చిక్కు తెచ్చేది ఉర్దూ నికానామా. నేటి ప్రసంగంలో ప్రధానంగా దాని గురించే చెబుతాము. డిగ్రీ పట్టాల సంగతి చివర ప్రస్తావిస్తాము.

అమెరికాలో ఉన్న భర్త ఇక్కడి భార్య కోసం దరఖాస్తు పెట్టాడనుకుందాం. ఇంగ్లీషులో లేని ప్రతి పత్రానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం జతచేయాలన్నది అక్కడి ఇమ్మిగ్రేషన్ నియమం. ఆ అనువాదం సంపూర్ణమనీ, యథాతథమనీ, రెండు భాషలలోనూ తనకు తగిన ప్రావీణ్యం ఉందనీ అనువాదకుడు స్వయంగా రాసి సంతకం చేయాలి. దాని కింద పేరు, చిరునామా, తేదీ ఉండాలి. నోటరీ ముద్ర కావాలని ఆ నియమం ఎక్కడా అడగదు. నోటరీ ధ్రువీకరించేది సంతకాన్నే గాని అర్థాన్ని కాదు. అయినా మన పట్టణాలలో ముద్ర కోసం డబ్బు పెట్టి, అసలు వాక్యం లేని అనువాదం పంపేవారే ఎక్కువ. కెనడా పద్ధతి వేరు. అక్కడ గుర్తింపు పొందిన అనువాదకుడు కాని వ్యక్తి అనువదిస్తే ప్రమాణపత్రం జతచేయాలి. దరఖాస్తుదారుగాని, కుటుంబసభ్యులుగాని చేసిన అనువాదం చెల్లదు.

సంపూర్ణం అన్న మాటను మనవారు తేలికగా తీసుకుంటారు. ఖాజీ గారి గుండ్రని ముద్రలోని అక్షరాలు, రిజిస్టరు సంఖ్య, వకీలు పేరు, ఇద్దరు సాక్షుల పేర్లు, అంచున చేతితో రాసిన మాట, అన్నీ అనువాదంలోకి రావాలి. ముద్ర అలుక్కుపోతే దానిని వదిలేయకూడదు. అక్కడ ముద్ర ఉన్నదనీ, చదవడానికి వీలుకాలేదనీ రాయాలి.

ఇక పేర్లు. ఉర్దూ లిపిలో ఒకే విధంగా రాసే ముహమ్మద్ అన్న పేరును ఇంగ్లీషులో పలు విధాలుగా రాస్తారు. అనువాదకుడు పాస్‌పోర్టులోని స్పెల్లింగునే వాడవచ్చు, అందులో తప్పు లేదు. అయితే పాస్‌పోర్టులో వధువు పేరు ముందు షేక్ ఉండి, నికానామాలో అది లేక చివర బేగం ఉంటే, అది స్పెల్లింగు తేడా కాదు, పేరులోనే తేడా. పాస్‌పోర్టుకు సరిపోవాలని అనువాదంలో షేక్ చేర్చితే ఆ అనువాదం అబద్ధమవుతుంది. ఉన్నది ఉన్నట్టే అనువదించి, ఇద్దరూ ఒకరేనని తెలిపే ప్రమాణపత్రాన్ని వేరుగా జతచేయాలి. మూలంలోనే పొరపాటు ఉంటే ఖాజీ గారి రిజిస్టరు చూపించి సరిచేయించుకోవాలి. తెలంగాణలో వక్ఫ్ బోర్డు ఇచ్చే ఇంగ్లీషు వివాహ ధ్రువపత్రం తీసుకున్నా, అందులోని పేరును ముందుగా పాస్‌పోర్టుతో సరిచూసుకోవడం అవసరం.

తేదీలోనూ ఒక మెలిక ఉంది. హిజ్రీ లెక్కలో రోజు మగ్రిబ్‌తో మొదలవుతుంది. ఆదివారం ఇషా తర్వాత జరిగిన నికాకు సోమవారపు హిజ్రీ తేదీ పడుతుంది. అనువాదకుడు క్యాలెండరు చూసి మార్చితే పెళ్లి సోమవారం జరిగినట్టవుతుంది, ఫోటోలలోనూ శుభలేఖలోనూ ఆదివారమని ఉంటుంది. కనుక హిజ్రీ తేదీని యథాతథంగా ఉంచి, పత్రంలో ఉన్న ఇంగ్లీషు తేదీని మాత్రమే రాయాలి.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది మహర్. ముఅజ్జల్ అని మనం పలికే మాటలు నిజానికి రెండు. ఐన్ అక్షరంతో రాస్తే వెంటనే చెల్లించవలసిన మహర్, వావు మీద హంజాతో రాస్తే వాయిదా మీద చెల్లించే మహర్. తొందర చేతిరాతలో ఆ చిన్న హంజా కనబడదు. అనువాదకుడు ఊహించి చెల్లించారు అని రాస్తే, భార్యకు ఇంకా రావలసిన మొత్తం కాగితం మీద తీరిపోయినట్టవుతుంది. వీసా అధికారి దానిని పట్టించుకోకపోవచ్చు. కానీ రేపు అదే అనువాదం ఏ న్యాయస్థానం ముందుకైనా రావచ్చు. అక్షరం స్పష్టంగా లేకపోతే ఖాజీ గారి వద్ద ఉన్న ప్రతిని చూసి నిర్ణయించాలి. వధువు సంతకం పెట్టే ముందు ఈ ఒక్క పంక్తినైనా ఆమెకు ఎవరైనా తెలుగులో చదివి వినిపించాలని మా మనవి.

డిగ్రీ పట్టాలు మన విశ్వవిద్యాలయాలలో చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి. వాటికి అనువాదం కాదు, ధ్రువీకరణ కావాలి. ఎమిరేట్స్‌కు వెళ్లేవారు రాష్ట్ర విద్యాశాఖతో మొదలుపెట్టి, కేంద్ర విదేశాంగ శాఖ, తరువాత ఆ దేశ రాయబార కార్యాలయం ముద్రలు వేయించుకోవాలి. చివరి ముద్ర అక్కడి విదేశాంగ శాఖది. సౌదీ 2022 డిసెంబరు నుండి అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నందున అక్కడికి రాయబార కార్యాలయపు ముద్రకు బదులు మన విదేశాంగ శాఖ ఇచ్చే అపోస్టిల్ సరిపోతుంది. అరబీ అనువాదం అడిగితే దానిని ముద్రలన్నీ పడిన తరువాతే చేయించాలి. ముందుగా చేయిస్తే ఆ ముద్రలు అనువాదంలో ఉండవు, మళ్లీ చేయించవలసి వస్తుంది.