ఒక్క షాపు మునిగితే మూడు షాపులూ ఎందుకు ఆగిపోయాయి? చిన్న రిటైల్ కంపెనీకి కంటిన్యుయిటీ ప్లాన్

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలన్నీ నీళ్లలో ఉన్నాయి. చాలా వీధుల్లో రోజుల తరబడి నీళ్లు తీయలేదు. ఆ ఏరియాని మనసులో పెట్టుకుని ఈరోజు ఒక ఉదాహరణ చూద్దాం. కంపెనీ నేను కల్పించిందే, కానీ ఇలాంటి సెటప్ మీకు తెలిసిన వాళ్లలో ఎవరికో ఒకరికి ఉండే ఉంటుంది.

ఒకాయనకి మూడు కిరాణా షాపులున్నాయి. పనివాళ్లు 14 మంది. ఒక షాపు సింగ్‌నగర్‌లో, దాని వెనకే గోడౌన్, చిన్న ఆఫీసు. మిగతా రెండు షాపులు ఊళ్లో వేరే చోట, ఎత్తులో ఉన్నాయి, అక్కడ చుక్క నీరు రాలేదు. "పోతే ఒక షాపే కదా, మూడో వంతు నష్టం" అనుకున్నాడాయన. తీరా చూస్తే మూడూ ఆగిపోయాయి. ఎందుకంటే బిల్లింగ్ మెయిన్ కంప్యూటర్ ఆ ఆఫీసులోనే, కింద నేల మీద ఉంది. మిగతా రెండు షాపులూ ఇంటర్నెట్‌లో దానికే కనెక్ట్ అయి బిల్లు కొడతాయి. సరుకు ఉంది, కస్టమర్ ఉన్నాడు, కానీ ధర ఎంతో కౌంటర్‌లో అబ్బాయికి తెలీదు.

బిజినెస్ కంటిన్యుయిటీ ప్లాన్ అంటే పెద్ద కంపెనీల ఫైలు అనుకోకండి. ఏ పని ఆగితే ఇంకేం ఆగుతుంది, దాన్ని ఎన్ని గంటల్లో లేపాలి, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి. ఈ మూడే.

మొదటిది, ముఖ్యమైన పనుల లిస్టు. డిపార్ట్‌మెంట్లు రాయకండి, పనులు రాయండి. బిల్లు కొట్టడం, పాలు పెరుగు చల్లగా ఉంచడం, సరుకు ఆర్డర్ పెట్టడం, జీతాలు ఇవ్వడం, జీఎస్టీ రిటర్న్ వేయడం. ప్రతి దాని పక్కన ఒక్క ప్రశ్న: ఇది ఆగిపోతే ఎంతసేపటికి నిజంగా దెబ్బ తగులుతుంది?

పాల ఫ్రిజ్ తీసుకోండి. కరెంటు పోయాక తలుపు తీయకుండా ఉంచితే సుమారు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది. అంటే ఆ లోపే జనరేటర్ రావాలి, లేదా పాలు వేరే షాపుకి వెళ్లాలి. సరుకు ఆర్డర్ రెండు రోజులు ఆగినా ర్యాకుల్లో ఉన్నదాంతో నడుస్తుంది. జీతాలు మాత్రం తేదీని బట్టి మారతాయి. నెల మధ్యలో అయితే వారం ఆగొచ్చు. కానీ ఈ వరద ఒకటో తారీఖున వచ్చింది. పనివాళ్ల ఇళ్లు కూడా మునిగాయి. ఆ వారం జీతం ఆగితే మనిషి రాడు, మనిషి రాకపోతే షాపు తెరవలేం. జీఎస్టీ కూడా అంతే. ప్రతి నెలా రిటర్న్ వేసేవాళ్లకి 11న ఒకటి, 20న ఒకటి ఉంటాయి, ఆ తేదీలు దగ్గరపడితే అదీ అర్జెంటే.

రెండోది, రికవరీ టైమ్. ఇంగ్లిష్‌లో ఆర్‌టీఓ అంటారు. వినగానే లైసెన్సుల ఆఫీసు గుర్తొస్తుంది కదా! ఇది వేరే. ఆగిన పనిని ఎన్ని గంటల్లో మళ్లీ నిలబెట్టాలన్న టార్గెట్. దీనికి జంటగా ఇంకోటి ఉంది, ఆర్‌పీఓ. ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలం అన్నది. మీ బ్యాకప్ నిన్న రాత్రి 10కి అయింది, ఈరోజు సాయంత్రం 5కి కంప్యూటర్ పోయింది. అంటే ఈరోజు కొట్టిన బిల్లులన్నీ పోయినట్టే. బిల్లుల కాపీలుంటే మళ్లీ ఎక్కించుకోవచ్చు, లేకపోతే స్టాక్ లెక్క ఎప్పటికీ కలవదు.

మన ఓనర్ దగ్గర ప్లాన్ లేక కాదు. "బిల్లింగ్ 4 గంటల్లో రెడీ" అని ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఆ 4 గంటలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఊహ. నిజంగా కూడి చూద్దాం. కొత్త కంప్యూటర్ కొని తేవడానికి 4 గంటలు. సాఫ్ట్‌వేర్ ఎక్కించి లైసెన్స్ యాక్టివేట్ చేయడానికి 3. ఆన్‌లైన్ బ్యాకప్ దించి ఎక్కించడానికి 5. రెండు షాపుల ప్రింటర్లు, స్కానర్లు కలపడానికి 2. ధరలు, స్టాక్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి 2. మొత్తం 16 గంటలు. అది కూడా బ్యాకప్ బయట ఎక్కడో ఉంటేనే. ఆయన బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో ఉంది, ఆ పెన్‌డ్రైవ్ అదే టేబుల్ సొరుగులో ఉంది. రెండూ కలిసే మునిగాయి.

దెబ్బ అక్కడితో ఆగలేదు. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి గోడౌన్‌లో ఎంత సరుకు ఉందో చూపించాలి. ఆ లెక్క కూడా మునిగిన కంప్యూటర్‌లోనే ఉంది.

మరి ఏం చేయాలి? బ్యాకప్ రోజూ రాత్రి షాపు మూసేటప్పుడు ఆన్‌లైన్‌కి వెళ్లాలి, వారానికోసారి ఒక కాపీ వేరే షాపులో ఉండాలి. ఆ 16 గంటల గ్యాప్‌కి చేతి బిల్లు పుస్తకం కావాలి. జీఎస్టీలో ఒకటి కంటే ఎక్కువ నంబర్ సిరీస్‌లు వాడొచ్చు, కాబట్టి ఈ పుస్తకానికి వేరే సిరీస్ పెట్టుకోండి, తర్వాత కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు గందరగోళం ఉండదు. ఎక్కువ అమ్ముడయ్యే 200 ఐటెమ్‌ల ధరల లిస్టు ప్రింట్ తీసి ప్రతి కౌంటర్‌లో పెట్టండి, ధరలు మారినప్పుడల్లా మార్చండి. ఇవి ఉంటే అరగంటలో అమ్మకం మొదలవుతుంది. అంటే బిల్లింగ్‌కి రెండు టైమ్‌లు రాయాలి: చేత్తో అరగంట, కంప్యూటర్‌తో 24 గంటలు. 16కి 24 ఎందుకంటే, ఆదివారం కంప్యూటర్ షాపు మూసి ఉండొచ్చు.

మూడోది, ఫోన్ల వరస. వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెడితే చాలనుకుంటాం. ఎవరు చదివారో, ఎవరి ఫోన్ స్విచాఫ్‌లో ఉందో తెలీదు. అందుకే వరస ఉండాలి. షాపు ఇన్‌చార్జ్ ముందు మనుషుల్ని బయటికి పంపి, నీళ్లు లోపలికి రాకముందే మెయిన్ ఆఫ్ చేసి, ఓనర్‌కి ఫోన్ చేస్తాడు. 15 నిమిషాల్లో ఓనర్ దొరక్కపోతే రెండో షాపు ఇన్‌చార్జే నిర్ణయం తీసుకుంటాడు. ఎంత వరకు ఖర్చు పెట్టొచ్చో కూడా ముందే రాసిపెట్టాలి, లేకపోతే ఆ అధికారం పేరుకే. తర్వాత ఒక్కొక్కరు నలుగురికి ఫోన్ చేస్తారు, చివరి మనిషి తిరిగి మొదటి మనిషికి "అందరికీ చెప్పాం" అని ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ రాలేదంటే మధ్యలో ఎక్కడో తెగిందన్నమాట.

అకౌంటెంట్ పని వేరు: సప్లయర్‌కి ఫోన్ చేసి మునిగిన గోడౌన్‌కి లోడు పంపొద్దని, ఏ షాపుకి పంపాలో చెప్పడం, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపడం. నీళ్లు తీశాక కడిగేసే తొందరలో పడొద్దు. ముందు ఫోటోలు, వీడియోలు తీయండి, సర్వేయర్ చూసే దాకా పాడైన సరుకు పారేయొద్దు.

ఈ నంబర్లన్నీ కాగితం మీద ఉండాలి, ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో కాపీ. ఇంకో చిన్న విషయం, కొంపలు ముంచేది అదే. బ్యాకప్, బ్యాంక్, సాఫ్ట్‌వేర్ లైసెన్స్, అన్నిటి ఓటీపీలూ ఓనర్ ఒక్క ఫోన్‌కే వస్తాయి. ఆ ఫోన్ నీళ్లలో పడితే? సర్వీసులు ఒప్పుకున్నచోట రెండో నంబర్, రెండో యూజర్ ముందే పెట్టించండి.

చివరిగా, మీ నాన్నకో మావయ్యకో షాపు ఉంటే ఈ ఆదివారం ఒక పని చేయండి. మెయిన్ కంప్యూటర్ ముట్టుకోకుండా, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో నిన్నటి బ్యాకప్ ఎక్కించి, నిన్నటి చివరి బిల్లు కనిపిస్తుందేమో చూడండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. ఎన్ని గంటలు పట్టిందో, దానికి కంప్యూటర్ కొనే టైమ్, ప్రింటర్లు కలిపే టైమ్ కూడితే అదే మీ అసలు రికవరీ టైమ్. అసలు ఓపెన్ కాలేదంటే, మీ దగ్గర బ్యాకప్ లేనట్టే. వరద రాకముందే తెలిసింది కదా, సంతోషించండి. ఎంత టైమ్ పట్టిందో కింద కామెంట్‌లో రాయండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.